క్లాంపర్, వోల్టేజ్ డబ్లర్ లెక్క ఎలా చేయాలి? ముందు కెపాసిటర్ సంగతి తేల్చండి

డయోడ్ క్లాంపర్ సర్క్యూట్ ఇచ్చి అవుట్‌పుట్ వేవ్‌ఫామ్ గీయమంటే చాలామంది ఇన్‌పుట్‌లో మొదట కనిపించే హాఫ్ సైకిల్ పట్టుకుని ఎడమ నుంచి కుడికి లెక్క మొదలుపెడతారు. ఆ హాఫ్‌లో డయోడ్ ఆఫ్‌లో ఉంటే కెపాసిటర్ వోల్టేజ్ సున్నా అని రాసేస్తారు, ఇక ఆ తప్పు చివరిదాకా వదలదు. నిజానికి అడిగేది స్టెడీ స్టేట్ గురించి, అంటే స్విచ్ వేసి చాలా సైకిళ్లు గడిచి ప్రతి సైకిల్ ముందుదానిలాగే కనిపించే పరిస్థితి గురించి. అప్పటికి కెపాసిటర్ మీద ఎంత వోల్టేజ్ నిలబడి ఉంటుందో తెలిస్తే మిగతాదంతా ఒట్టి కూడికే.

ఆ వోల్టేజ్ పట్టుకోవడానికి ఒక్క సూత్రం చాలు. స్టెడీ స్టేట్‌లో ఒక సైకిల్‌లో కెపాసిటర్‌లోకి ఎంత చార్జ్ వెళ్తే, అదే సైకిల్‌లో అంతే బయటికి రావాలి. అలా రాకపోతే దాని వోల్టేజ్ ఇంకా పెరుగుతూనో తగ్గుతూనో ఉన్నట్టు, అంటే స్టెడీ స్టేట్ ఇంకా రానట్టు.

1. డయోడ్ ఆన్ అయ్యే భాగంతో మొదలుపెట్టండి

ఇన్‌పుట్ ఒక స్క్వేర్ వేవ్ అనుకుందాం: అర మిల్లీసెకను పాటు +8 వోల్టులు, అర మిల్లీసెకను పాటు −12 వోల్టులు. దీనికి సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత అవుట్‌పుట్ నోడ్. ఆ నోడ్ నుంచి గ్రౌండ్‌కి డయోడ్, కాథోడ్ నోడ్ వైపు, ఆనోడ్ గ్రౌండ్ వైపు. డయోడ్‌కి అడ్డంగా 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్.

డయోడ్ ఈ దిశలో ఉంటే నోడ్ సున్నా కంటే కిందికి పోబోయినప్పుడే ఆన్ అవుతుంది, అంటే ఇన్‌పుట్ −12 దగ్గర ఉన్నప్పుడు. కాబట్టి +8 భాగం ఎంత ముందుగా కనబడినా దాన్ని పక్కన పెట్టి −12 దగ్గరే మొదలుపెట్టాలి. ప్రస్తుతానికి డయోడ్ ఐడియల్ అనుకుంటే అప్పుడు అవుట్‌పుట్ సున్నా. కెపాసిటర్ వోల్టేజ్‌ని అవుట్‌పుట్ వైపు ప్లస్‌గా రాసుకుంటే:

```
Vc = Vo − Vin = 0 − (−12) = 12 V
```

ప్లస్ ఎటువైపు అనేది ముందే గీసి పెట్టుకోండి. సైన్ తప్పులన్నీ అక్కడే పుడతాయి.

2. అదే వోల్టేజ్‌ని మిగతా భాగానికి కలపండి

ఇన్‌పుట్ +8కి ఎగరగానే కెపాసిటర్ మీది 12 వోల్టులు ఉన్నపళంగా మారిపోవు. డయోడ్ ఆఫ్ అయిపోతుంది, అవుట్‌పుట్ 8 + 12 = 20 వోల్టులు అవుతుంది. అంటే అవుట్‌పుట్ 0, 20 మధ్య ఆడుతుంది. ఇన్‌పుట్‌లో పై నుంచి కిందికి తేడా 20, అవుట్‌పుట్‌లో కూడా 20. క్లాంపర్ వేవ్‌ని మొత్తంగా పైకో కిందికో జరుపుతుంది కానీ ఎత్తు మార్చదు, కాబట్టి మీ జవాబులో ఈ రెండు తేడాలూ సమానం కాకపోతే లెక్క మళ్లీ చూసుకోవాల్సిందే.

సిలికాన్ డయోడ్‌కి 0.7 వోల్టులు వేస్తే కెపాసిటర్ మీద 11.3 నిలుస్తుంది, అవుట్‌పుట్ −0.7 నుంచి 19.3 దాకా ఉంటుంది. ఎత్తు మళ్లీ 20నే.

3. 12 వోల్టులు నిజంగా నిలబడతాయా చూడండి

పైన లెక్కలో రెసిస్టర్‌ని మనం పట్టించుకోలేదు. అవుట్‌పుట్ 20 దగ్గర ఉన్న అర మిల్లీసెకనులో దాని గుండా 0.2 మిల్లీఆంపియర్లు పోతాయి. చార్జ్ 0.1 మైక్రోకూలంబ్, కెపాసిటర్ 1 మైక్రోఫారడ్, కాబట్టి వోల్టేజ్ 0.1 తగ్గుతుంది. తర్వాతి −12 భాగంలో డయోడ్ మళ్లీ ఆన్ అయి అదే 0.1 మైక్రోకూలంబ్‌ని తిరిగి నింపేస్తుంది. మొదట చెప్పిన సూత్రం అంటే ఇదే. కాబట్టి స్టెడీ స్టేట్‌లో డయోడ్ ఊరికే కూర్చోదు, ప్రతి సైకిల్‌లో కారిపోయినంత నింపడమే దాని పని.

ఇప్పుడు 100 కిలో ఓమ్‌ల బదులు 1 కిలో ఓమ్ పెట్టండి. RC విలువ 1 మిల్లీసెకను అవుతుంది, అర మిల్లీసెకనులో అవుట్‌పుట్ 20 నుంచి దాదాపు 12కి జారిపోతుంది. స్కోప్‌లో పైభాగం బల్లపరుపుగా ఉండకుండా ఏటవాలుగా కనిపిస్తుంది, ఇన్‌పుట్ కిందికి దూకినప్పుడు అవుట్‌పుట్ కూడా సున్నా కిందికి ఒక పోటులా దిగి, డయోడ్ గుండా వేగంగా చార్జ్ అయి పైకి వస్తుంది. RC విలువ డయోడ్ ఆఫ్ ఉండే సమయానికి పది రెట్లు ఉంటే చాలని అంటుంటారు గానీ, అప్పుడు కూడా దాదాపు పది శాతం జారుతుంది. నా లెక్కలో వంద రెట్లు పెట్టుకోవడం మేలు, ఒక శాతంతో పోతుంది.

ఇక్కడే ఒక మాట. స్కోప్ ఛానెల్ ఏసీ కప్లింగ్‌లో ఉంటే క్లాంపర్ అసలు పని చేయనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సెట్టింగ్‌లో స్కోప్ లోపల కూడా సిరీస్‌లో ఒక కెపాసిటర్ వచ్చి, మనం కష్టపడి కలిపిన డీసీని తీసేస్తుంది. డీసీ కప్లింగ్ పెట్టి చూడండి.

4. డబ్లర్‌ని రెండు ముక్కలుగా చూడండి

క్లాంపర్ వచ్చినవాళ్లకి హాఫ్ వేవ్ డబ్లర్ కొత్త సర్క్యూట్ కాదు. క్లాంపర్ అవుట్‌పుట్‌కి ఒక పీక్ డిటెక్టర్ తగిలిస్తే అయిపోయింది. (గ్రైనాహర్ 1914లో ప్రచురించింది ఈ అమరికే.) ఇన్‌పుట్ 10 వోల్టుల పీక్, 50 హెర్ట్జ్ సైన్ వేవ్ అనుకోండి. C1 సిరీస్‌లో, ఆ తర్వాతి నోడ్ పేరు X. గ్రౌండ్ నుంచి Xకి D1, X నుంచి అవుట్‌పుట్‌కి D2, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి C2. రెండు కెపాసిటర్లూ 100 మైక్రోఫారడ్‌లు.

స్టెడీ స్టేట్ జవాబు రెండు లైన్లలో వస్తుంది. నెగటివ్ పీక్ దగ్గర D1 ఆన్ అయి C1 మీద 10 నిలుస్తుంది, కాబట్టి X దగ్గర వేవ్ 0 నుంచి 20 దాకా. ఆ 20 పీక్‌ని D2, C2 పట్టి ఉంచుతాయి.

కానీ మొదటి సైకిల్‌లోనే 20 రాదు. ఎందుకో ఒకసారి వేసి చూస్తే ఈ సర్క్యూట్ ఇక మర్చిపోరు. నెగటివ్ హాఫ్‌తో మొదలైందనుకోండి, C1 పదికి చార్జ్ అయింది, C2 ఖాళీ. ఇప్పుడు ఇన్‌పుట్ −10 నుంచి +10కి, అంటే 20 వోల్టులు పెరుగుతుంది. C2 ఖాళీగా ఉంది కాబట్టి D2 వెంటనే ఆన్, రెండు కెపాసిటర్లూ సిరీస్‌లో పడతాయి, సమానమైనవి కాబట్టి ఆ 20ని చెరో 10 పంచుకుంటాయి. C2 పదికి ఎక్కింది, C1 పది నుంచి సున్నాకి దిగింది. వచ్చే నెగటివ్ హాఫ్‌లో C1ని D1 మళ్లీ పదికి నింపుతుంది. ఈసారి X పది దాటాకే D2 ఆన్ అవుతుంది, అంటే ఇన్‌పుట్ సున్నా దాటాక. మిగిలిన 10 వోల్టుల పెరుగుదలలో C2 వాటా 5, కాబట్టి 15. తర్వాత 17.5, ఆ తర్వాత 18.75. ప్రతి సైకిల్‌లో 20కి ఉన్న దూరం సగమవుతుంది. C1 చిన్నదై C2 పెద్దదైతే ఈ ఎక్కుడు ఇంకా నెమ్మది, ఎందుకంటే ఒక్కో సైకిల్ తర్వాత మిగిలే దూరం C2/(C1+C2) వంతు.

దూరం సున్నాకి చేరినప్పుడు D2 గుండా పోయే చార్జ్ కూడా సున్నా. లోడ్ లేని డబ్లర్ స్టెడీ స్టేట్‌లో రెండు డయోడ్లూ దాదాపు నిద్రలోనే ఉంటాయి.

5. ఇప్పుడు లోడ్ పెట్టండి

లోడ్ 1 మిల్లీఆంపియర్ లాగుతోందనుకోండి. ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, కాబట్టి సైకిల్‌కి 20 మైక్రోకూలంబ్‌లు C2 నుంచి పోతాయి. స్టెడీ స్టేట్ కావాలంటే అంతే చార్జ్ D2 గుండా C2లోకి రావాలి, అది C1 నుంచే రావాలి, C1కి అది D1 గుండా తిరిగి చేరాలి. ఈ ఒక్క అంకె సర్క్యూట్ అంతా తిరుగుతుంది. ఆ చార్జ్ ఇచ్చినందుకు C1 వోల్టేజ్ పాజిటివ్ పీక్ నాటికి 0.2 తగ్గి ఉంటుంది, C2 మీద రిపుల్ కూడా సుమారు 0.2.

```
Vo(peak) ≈ 2Vm − 2Vd − I·T/C1
ripple   ≈ I·T/C2
```

డయోడ్లకి 1.4 తీసేస్తే పీక్ సుమారు 18.4. లోడ్‌ని 10 మిల్లీఆంపియర్లు చేస్తే ఇదే లెక్కలో పీక్ 16.6కి, అడుగు 14.6కి పడిపోతుంది. డబ్లర్‌కి లోడ్ తగలగానే వోల్టేజ్ పడిపోతోందని డయోడ్లు మార్చేవాళ్లుంటారు. అక్కడ మార్చాల్సింది కెపాసిటర్ విలువ, లేదంటే ఫ్రీక్వెన్సీ. 50 కిలోహెర్ట్జ్ దగ్గరైతే అదే 10 మిల్లీఆంపియర్లకి 1 మైక్రోఫారడ్ పెట్టినా పడేది 0.2 వోల్టే.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే స్పైస్‌లో ఇది వేయండి:

```
* half wave doubler
V1 in 0 SINE(0 10 50 0 0 180)
C1 in x 100u
D1 0 x DX
D2 x out DX
C2 out 0 100u
RL out 0 20k
.model DX D
.tran 50u 400m
.end
```

చివర్లో ఉన్న 180 వేవ్‌ని నెగటివ్ హాఫ్‌తో మొదలుపెట్టడానికి. `V(out)` గీస్తే 9, 14 దరిదాపుల్లో మెట్లు కనిపించి, 18 దాటాక నిలకడగా సాగుతుంది.

6. బోర్డు మీద పెట్టాక ఏం కొలవాలి

C1కి పీక్ వోల్టేజ్, C2కి దానికి రెట్టింపు, రెండు డయోడ్లకీ రివర్స్‌లో రెట్టింపు తట్టుకునే రేటింగ్ ఉండాలి, పైన కొంచెం మార్జిన్‌తో. ఎలక్ట్రోలిటిక్ పెడితే C1 ప్లస్ కాలు X వైపు.

అవుట్‌పుట్ రాకపోతే మీటర్‌ని డీసీలో పెట్టి ముందు C1 రెండు కాళ్ల మధ్య కొలవండి, ఎర్ర ప్రోబ్ X వైపు. మన ఉదాహరణలో 9 పైచిలుకు రావాలి. ఒకవేళ D1 తెగిపోయినా, సోల్డర్ సరిగా అంటకపోయినా ఏమవుతుందో అదే చార్జ్ సూత్రంతో చూడండి: C1 నుంచి D2 గుండా ఒకవైపే చార్జ్ పోగలదు, తిరిగొచ్చే దారి లేదు. ఒకే దిశలో పోతూ స్టెడీ స్టేట్ రావాలంటే ఆ కరెంట్ సున్నా కావాల్సిందే, కాబట్టి లోడ్ ఉంటే అవుట్‌పుట్ మెల్లగా సున్నాకి దిగిపోతుంది, C1 మాత్రం దాదాపు ఇన్‌పుట్ పీక్ దాకా ఉల్టాగా చార్జ్ అయి కూర్చుంటుంది. మీటర్‌లో మైనస్ తొమ్మిదీ చిల్లర కనబడితే ముందు సప్లై ఆపి తర్వాత D1 చూడండి. ఉల్టా వోల్టేజ్ పడ్డ ఎలక్ట్రోలిటిక్ వేడెక్కి ఉబ్బుతుంది, అందుకే D1 మార్చేటప్పుడు C1ని కూడా మార్చేయండి.