ఫొటోలో చీర అంచు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

శ్రావణ మాసం దగ్గర పడేసరికి చీరల దుకాణాలవారు, డిజైనర్లు, చేనేత సంఘాలవారు ఫొటోల పనిలో మునిగిపోతారు. ఒక చీర కట్టుకున్న ఫొటో తీసి, అదే చీరకు మూడు నాలుగు రకాల అంచులు వేసి చూపించమంటారు. మగ్గం మీదకు ఎక్కించకముందే కొనేవారి మనసు తెలుస్తుంది కాబట్టి పద్ధతి మంచిదే. అయితే అంచు అతికించినట్టు కనిపిస్తే నేతగాడి పనితనం మీదే అనుమానం వస్తుంది. అందుకే చెయ్యి పెట్టే ముందు చూసుకోవలసినవి చెబుతున్నాను. ఉదాహరణకు ఒక గద్వాల చీరను తీసుకుందాం. ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచు మీద ఉన్న జరీ మామిడిపిందెల స్థానంలో కోటకొమ్మ అంచు రావాలి. పని ఫొటోషాప్‌లో అనుకుందాం.

కొత్త అంచును వంచడం కన్నా పాత అంచును పూర్తిగా తీసేయడం కష్టం. కొత్త అంచు చీర మీద నిజంగా ఉన్నట్టు కనిపించాలంటే పాత ఫొటోలోని మడతల వెలుగునీడలు దాని మీద పడాలి. ఇందుకోసం చాలామంది పాత అంచునే నలుపు తెలుపుల్లోకి మార్చి, కొత్త అంచు మీద `Multiply` పద్ధతిలో వేస్తారు. అప్పుడు మడతల నీడలతో పాటు మామిడిపిందెలు కూడా వచ్చేస్తాయి. కంప్యూటర్‌కు మడత నీడకూ, జరీ గీతకూ తేడా తెలియదు. దానికి రెండూ నలుపు తెలుపులే. కోటకొమ్మల కింద పిందెలు దెయ్యంలా తొంగిచూస్తాయి.

కాబట్టి ముందు నీడలను శుభ్రం చేయాలి. జరీ గీతలు సన్నగా ఉంటే `Median` ఫిల్టర్ సరిపోతుంది. అది సన్నని గీతలను మింగేసి, మడతల అంచులను చాలావరకు అలాగే ఉంచుతుంది. మన ఫొటోలో చీర మీది ఒక అంగుళం 50 పిక్సెళ్లు అనుకుంటే, అంగుళంలో ఎనిమిదో వంతు మందమున్న గీత 6 పిక్సెళ్లు ఉంటుంది. `Median` వ్యాసార్ధం 8 నుంచి 10 వరకు పెడితే ఆ గీత పోతుంది. అంగుళం వెడల్పున నిండుగా నేసిన పిందె మాత్రం అలా పోదు. దాన్ని పోగొట్టేంత వ్యాసార్ధం పెడితే మడతలు కూడా కరిగిపోతాయి. అక్కడ నీడను చేత్తో వేయక తప్పదు. చీర ఒంటి మీది మడత అంచు వరకూ సాగుతుంది కాబట్టి, పైన ఏ మడత ఎక్కడ దిగుతోందో చూసి, బూడిదరంగు లేయర్ మీద అదే గీతను కిందికి కొనసాగించాలి. దీనికి ఓపిక కావాలి కానీ పెద్ద చిత్రలేఖనం రానవసరం లేదు.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడం సులువే. నీడ లేయర్‌ను ఖాళీ తెల్లరంగు మీద ఒంటరిగా పెట్టి చూడండి. అందులో ఏ డిజైనో గుర్తుపట్టగలిగితే పని ఇంకా మిగిలి ఉన్నట్టే. ఉత్త గుడ్డ మడతలు మాత్రమే కనిపించాలి.

`Displace` ఫిల్టర్ వాడేవారికి ఈ పరీక్ష మరింత అవసరం. ఆ ఫిల్టర్ నీడ చిత్రాన్ని చూసి కొత్త అంచును జరుపుతుంది. సరిగ్గా మధ్యస్థంగా ఉన్న బూడిదరంగు, అంటే 128 విలువ, దేనినీ కదపదు; అంతకన్నా తెల్లనిది ఒకవైపుకు, నల్లనిది రెండోవైపుకు లాగుతుంది. పాత పిందె మిగిలి ఉంటే కొత్త కొమ్మ కూడా ఆ పిందె ఆకారంలో వంకర పోతుంది. నీడ చిత్రాన్ని ముందు కొద్దిగా మసకబార్చండి; దాన్ని వేరే PSD ఫైలుగా భద్రపరచుకుంటేనే ఈ ఫిల్టర్ తీసుకుంటుంది. స్కేలు 10 పెడితే జరుగుడు సుమారు 13 పిక్సెళ్లు దాటదు. మన కొలతలో అది పావు అంగుళం. చిన్న ముడతలకు అది చాలు. కుచ్చిళ్ల లాంటి లోతైన మడతలకు చాలదు; స్కేలు పెంచితే జరీ చిరిగినట్టవుతుంది. పెద్ద మడతలకు `Warp` వాడాలి. దానికి ముందు అంచును `Smart Object`గా మార్చుకోండి, లేకపోతే వంచిన ప్రతిసారీ కొంత స్పష్టత పోతుంది.

కుచ్చిళ్ల దగ్గర ఎక్కువమంది దొరికిపోతారు. పొడవాటి అంచు ముక్కను అన్ని కుచ్చిళ్ల మీదా ఒకేసారి పరిచి వంచితే కొమ్మలు ఒక కుచ్చిలి నుంచి మరో కుచ్చిలికి తెగకుండా సాగిపోతాయి. నిజం చీరలో అలా జరగదు. అయిదు అంగుళాల కుచ్చిలి పెడితే ముందుకు అయిదు, వెనక్కు అయిదు, మొత్తం పది అంగుళాల గుడ్డ పడుతుంది. ఒక కుచ్చిలి మడత అంచు నుంచి పక్క కుచ్చిలి మడత అంచుకు మధ్య డిజైను పది అంగుళాలు ముందుకు వెళ్లి ఉంటుంది. కోటకొమ్మ మూడు అంగుళాలకు ఒకసారి వస్తే, పదిలో మూడు కొమ్మలు పోను ఒక అంగుళం మిగులుతుంది. అంటే ప్రతి కుచ్చిలిలోనూ కొమ్మ కిందటిదాని కన్నా అంగుళం, మన ఫొటోలో 50 పిక్సెళ్లు, జరిగి ఉండాలి. వాలుగా కనిపించే కుచ్చిలిలో ఆ దూరం ఇంకాస్త కుదించుకుంటుంది. ఒక్కో కుచ్చిలికి ఒక్కో ముక్క, ఒక్కో మాస్క్ పెట్టుకుని విడివిడిగా వంచడమే దీనికి దారి. కట్టుకునే చేతులు కొలబద్దతో కుచ్చిళ్లు పెట్టవు కాబట్టి లెక్కను అటూ ఇటూ కొంచెం సడలించండి. ఎక్కడా సడలించకూడనిది కొమ్మల దిశ. చీర రెండు అంచుల్లోనూ కొమ్మల మొనలు ఒంటి వైపుకే చూస్తాయి. ఒకే ముక్కను తిప్పకుండా పైట అంచుకూ, కింది అంచుకూ వాడితే ఒకచోట మొనలు బయటికి చూస్తాయి. నేత తెలిసినవారు ముందు పట్టుకునేది దాన్నే.

గద్వాల చీరలో పట్టు అంచును నూలు ఒంటికి మగ్గం మీదే కలుపుతారు. నూలు వెలుగును మింగుతుంది, పట్టూ జరీ విసురుతాయి. `Multiply` ముదురు చేయడమే కానీ మెరుపు ఇవ్వలేదు. అందుకని మడతల శిఖరాల మీద మాత్రమే `Screen` పద్ధతిలో రెండో లేయర్ కావాలి. నీడ కూడా ఉత్త బూడిదరంగులో ఉంటే బంగారు జరీ సీసంలా మొద్దుబారుతుంది. కాస్త గోధుమరంగు కలపండి. కొత్త అంచు కోసం నమూనా ముక్కను ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. నీడపట్టున నేల మీద పరిచి, సరిగ్గా పైనుంచి తీయండి. ఫ్లాష్ పడిన జరీలో తెల్లటి మచ్చలు వస్తాయి, వాటిని తర్వాత ఏ ఫిల్టరూ బాగుచేయలేదు.

బ్లౌజు చేతి అంచుకు కుచ్చిళ్ల చిక్కు లేదు, గుండ్రదనం చిక్కు ఉంది. చేయి మధ్యలో కొమ్మ పూర్తి వెడల్పుతో కనిపిస్తే, పక్కకు 60 డిగ్రీలు తిరిగిన చోట సగమే కనిపించాలి. `Warp` గడులను చేతి అంచుల వైపు దగ్గరగా లాగితే ఇది వస్తుంది. కుట్టు గీత, డార్టు ఉన్నచోట డిజైను తెగాలి. వాటి మీదుగా సాఫీగా సాగితే ఒంటికి రంగు వేసినట్టుంటుంది. జాకెట్టు సవరిస్తూ మనిషి ఆకారాన్ని మార్చకండి. ఫొటోలో ఉన్నామెకు ఏం మారుస్తున్నారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఇంట్లోవారైనా సరే.

బయటికి పంపే ప్రతి ఫొటో మీదా ‘నమూనా చిత్రం, అంచు ఇంకా నేయలేదు’ అని స్పష్టంగా రాయండి. ఫోన్లలో ఫొటో ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది, కింద రాసిన వివరణ దాని వెంట వెళ్లదు. అందుకని ఆ మాట ఫొటోలోనే, కత్తిరించడానికి వీల్లేకుండా చీర ఒంటి మీదుగా ఉండాలి.