షుగర్‌కి దాల్చినచెక్క వాడాలంటే: ఏ చెక్క, ఎన్ని గ్రాములు?

రోజూ ఒక చెంచా దాల్చినచెక్క పొడి వేసుకోమని చెప్పేవాళ్లకు లోటు లేదు. ఏ చెక్క అని అడిగితే మాత్రం జవాబు రాదు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

కావలసినవి: చెక్క, మిక్సీ, గ్రాములో పదో వంతు వరకూ చూపించే చిన్న డిజిటల్ కాటా. కాటా లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

1. పొడి కాదు, చెక్కే కొనండి

పొడి అయ్యాక అది ఏ రకమో కంటితో చెప్పడం కష్టం. చెక్కగా ఉంటే ఇట్టే తెలుస్తుంది. దాల్చినచెక్కలో ఒక రకమైన కాసియా మందంగా, గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది. ఒకే దళసరి పొర, రెండంచులూ లోపలికి ముడుచుకుని ఉంటాయి. చేత్తో విరవాలంటే బలం కావాలి. శ్రీలంక నుంచి వచ్చే సిలోన్ దాల్చినచెక్క లేత రంగులో ఉంటుంది. కాగితమంత పల్చని పొరలు చాలా ఒకదానిలో ఒకటి చుట్టుకుని పొగాకు చుట్టలా కనిపిస్తుంది, వేళ్లతో నలిపితే పొడిపొడి అవుతుంది. ఘాటెక్కువ ఉన్నదే అసలైనదని కొందరి నమ్మకం. తరచూ అది తలకిందులు: ఘాటుగా ఉండేది కాసియానే.

క్యాప్సూల్స్ అయితే లేబుల్ మీద శాస్త్రీయ నామం చూడండి. ‘సిన్నమోమమ్ వేరమ్’ లేదా ‘జైలానికమ్’ అంటే సిలోన్. ‘కాసియా’, ‘బర్మానీ’, ‘లౌరైరీ’ అంటే కాసియా వర్గం. ఉత్త ‘దాల్చినచెక్క’ అని రాసి ఊరుకుంటే కాసియా అనే లెక్కేసుకోండి.

2. తూకం (తొందరపడకూడని చోటు ఇదే)

కాసియాలో కూమరిన్ అనే సహజ రసాయనం ఉంటుంది. అది పడనివాళ్లలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సిలోన్ రకంలోనూ ఉంటుంది కానీ చాలా స్వల్పం. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేదనుకునే మోతాదు ఇది. కాబట్టి ఒక్కరోజు కాస్త దాటితే కంగారు పడనక్కర్లేదు, నెలల తరబడి దాటితేనే ప్రమాదం.

60 కిలోల మనిషిని తీసుకుందాం. ఆ మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు హద్దు. కాసియా పొడిలో సగటున గ్రాముకు 3 మిల్లీగ్రాముల కూమరిన్ ఉంటుందని జర్మనీ ప్రమాద అంచనా సంస్థ లెక్క. అంటే 2 గ్రాములతో హద్దు నిండిపోతుంది. చదునుగా తీసిన టీ చెంచా పొడి సుమారు రెండున్నర గ్రాములు తూగుతుంది, ఏడున్నర మిల్లీగ్రాములన్నమాట. ‘ఒక చెంచా’ సలహా తొలిరోజే గీత దాటేసింది! పైగా 3 అనేది సగటు మాత్రమే. ఒక్కో చెక్కలో అంతకు రెండింతలు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. రెండింతలున్న చెక్క తగిలితే 1 గ్రాముతోనే సరి. 15 కిలోల పిల్లలకైతే సగటు లెక్కన అర గ్రామే హద్దు.

అందుకే నా నియమం: రోజూ వాడేవాళ్లు సిలోన్ చెక్కే వాడాలి, అదీ 1 గ్రాము. కాసియా తప్ప దొరక్కపోతే అర గ్రాము దాటొద్దు.

మరిగిస్తే దోషం పోతుందనేవాళ్లున్నారు. కూమరిన్ మరిగిస్తే పోదు, వేడినీళ్లలోకి కొంత దిగుతుంది. ఎంత దిగిందో ఇంట్లో కొలవలేం. కషాయంతో వచ్చిన చిక్కే అది, లెక్క చేజారిపోతుంది. తూచిన పొడిని తినేదాంట్లో కలుపుకోవడమే మేలు. తేనెతో కలిపి తినేవాళ్లకు ఒకటే మాట: తేనె కూడా చక్కెరే.

3. ఎవరు వాడకూడదు

కాలేయ జబ్బున్నవాళ్లు, కాలేయం మీద భారం వేసే మందులు వాడేవాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, తగ్గని వికారం, నీరసం కనిపిస్తే పొడి మానేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

4. పనిచేస్తోందో లేదో చూడండి

మొదలుపెట్టే ముందు, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. ఈలోగా షుగర్ మాత్రలు ఆపొద్దు, మందులూ తిండీ ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు. మారిస్తే దేనివల్ల తగ్గిందో తేలదు.

2003లో పాకిస్తాన్‌లో 1, 3, 6 గ్రాముల కాసియా ఇచ్చి 40 రోజులు చూశారు. మూడు మోతాదుల్లోనూ పరగడుపు షుగర్ తగ్గింది. 1 గ్రాముతో తగ్గినప్పుడు 6 గ్రాములు మింగడం దేనికి? ఆ తర్వాతి పరిశోధనలు మాత్రం ఒకదానితో ఒకటి కుదరలేదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష, వాడమని చెప్పేందుకు ఆధారాలు చాలవని తేల్చింది. ఇంకో చిక్కు, పరిశోధనలు ఎక్కువగా జరిగింది కాసియా మీదే. భద్రమైన సిలోన్ చెక్కకు రుజువులు ఇంకా తక్కువ. మూడు నెలల తర్వాత అంకె కదలకపోతే ఆపేయండి, మోతాదు పెంచొద్దు.