మర్దన నూనె కలపడం, మూడో పాఠం: 12 చుక్కలంటే అన్నీ కలిపి 12

పోయిన పాఠంలో 30 మి.లీ. నువ్వుల నూనెకు నీలగిరి, లవంగం లాంటి ఘాటు నూనెలు 2 శాతం అంటే, 1 మి.లీ.కి 20 చుక్కల లెక్కన, 12 చుక్కలని చెప్పాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూశాక ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. నూనెల వాసనలు ఎలా జత చేయాలో వచ్చేసారి చూద్దాం, ముందు దీన్ని తేల్చుకోవాలి.

తిరుపతి నుంచి ఒకామె రాశారు. వాళ్లాయన అలిపిరి మెట్లెక్కి వచ్చి పిక్కలు పట్టేశాయంటే, మన పాఠం ప్రకారమే నూనె కలిపారట. 30 మి.లీ. నువ్వుల నూనెలో నీలగిరి తైలం 12 చుక్కలు, నిమ్మగడ్డి నూనె 12, లవంగ నూనె 12. రాసిన పది నిమిషాలకే పిక్కలు ఎర్రగా కమిలినట్టయి, మంటకు ఆయన బాత్‌రూములోకి పరిగెత్తి నీళ్లు పోసుకున్నారు. మంట తగ్గలేదు. ఇదే పొరపాటు ఇంకొందరు కూడా రాశారు, కాబట్టి తప్పు ఆమె ఒక్కరిది కాదు.

శాతం అనేది సీసా మొత్తానికి, ఒక్కో నూనెకు కాదు. 2 శాతం అన్నామంటే ఆ సీసాలో ఘాటు నూనెలన్నీ కలిపి 2 శాతం. ఒక్క నూనె వేస్తే దానికే 12 చుక్కలూ, రెండు వేస్తే 6, 6, మూడు వేస్తే 4, 4, 4, లేదా మీకు నచ్చిన లెక్కలో, కానీ కూడితే 12 దాటకూడదు. ఆమె వేసింది 36 చుక్కలు, అంటే 6 శాతం. చర్మానికి ఆ నూనెల పేర్లు తెలియవు, తన మీద ఎంత ఘాటు పడిందన్నదే తెలుస్తుంది. ఒళ్లంతా రాసుకునే నూనెకు పెద్దవాళ్లకు 1 నుంచి 2 శాతం చాలు. ఒక్క మోకాలికో, పిక్కకో, కొన్నాళ్లే రాసేదైతే 3 దాకా వెళ్లొచ్చు. ముఖానికి 1 దాటొద్దు. నేనైతే కొత్త నూనె ఏదైనా 1 శాతంతోనే మొదలుపెడతాను. మీరూ అలాగే చేయండి.

ఇంతటితో అయిపోయిందనుకుని కొందరు అదే సీసాలో ఇంకొంచెం నువ్వుల నూనె పోసి సరిచేసేసుకుంటారు. అక్కడే రెండో గోతిలో పడతారు. పై లెక్కే తీసుకుందాం. 6 శాతాన్ని 2కు దించాలంటే మూడింతలు చేయాలి, 30 మి.లీ.ను 90 చేస్తే సరిపోతుంది. లెక్క సరిగ్గానే ఉంది, నూనె మాత్రం ఇంకా ఒంటికి పనికిరాదు. ఎందుకంటే కొన్ని నూనెలకు మొత్తం పరిమితి కాక సొంత పరిమితి కూడా ఉంటుంది. లవంగ నూనె చర్మం మీదికి 0.5 శాతం దాటకూడదు. నిమ్మగడ్డి నూనె 0.7 దాటకూడదు. ఆమె సీసాలో ఒక్కొక్కటి 2 శాతం ఉంది, అంటే లవంగం నాలుగింతలు, నిమ్మగడ్డి దాదాపు మూడింతలు ఎక్కువ. 90 మి.లీ. చేశాక ఒక్కొక్కటి 0.67కు వస్తుంది. నిమ్మగడ్డి గట్టెక్కింది, లవంగం ఎక్కలేదు. అది 0.5కు రావాలంటే సీసా 120 మి.లీ. కావాలి, అంటే ఇంకా 90 మి.లీ. నువ్వుల నూనె పోయాలి. అప్పుడు మొత్తం ఘాటు 1.5 శాతం. చూశారా, ఇక్కడ మొత్తం శాతం కాదు, అన్నిటికంటే కఠినమైన నూనె లెక్కే చెల్లుతుంది. ఎప్పుడూ ముందు దాన్ని తేల్చి, మిగతావి దాని చుట్టూ సర్దండి.

అలా ముందు నుంచే కలిపుంటే ఇలా ఉండేది: 30 మి.లీ.లో లవంగ నూనె 2 చుక్కలు, నిమ్మగడ్డి 3, నీలగిరి 7. మొత్తం 12. లవంగం 0.33, నిమ్మగడ్డి 0.5, రెండూ హద్దులోనే. కానీ నన్నడిగితే లవంగాన్ని అసలు వదిలేసి లావెండర్ వేస్తాను. వేడెక్కినట్టు అనిపించడమే నొప్పి తగ్గడం అనుకుంటారు గానీ, ఆ వేడి చాలాసార్లు చర్మం రేగడమే. ఇంకొకటి, ఆ పిక్కలకు ఒకసారి మంట పుట్టించిన నూనెను పల్చన చేసి మళ్లీ ఆయనకే రాయొద్దు. ఒకసారి అలర్జీ పట్టుకుంటే ఆ తర్వాత కొద్దిపాటి చుక్కకే దద్దుర్లు వస్తాయి, అది ఏళ్ల తరబడి వదలకపోవచ్చు.

మంట పుడితే నీళ్లు పోయొద్దు. ఈ నూనెలు నీళ్లలో కలవవు, కాబట్టి చోటు మారతాయేగానీ పోవు. ముందు ఉత్త నువ్వుల నూనె ధారాళంగా రాసి గుడ్డతో తుడవండి, మళ్లీ రాసి మళ్లీ తుడవండి, తర్వాత సబ్బుతో కడగండి. బొబ్బలు లేచినా, ముఖం ఉబ్బినా, ఊపిరాడకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

చుక్కల సంగతి కూడా ఒక మాట. 20 చుక్కలు 1 మి.లీ. అన్నది చేతిలెక్క మాత్రమే. చిత్తూరు నుంచి ఒకాయన, గాజు డ్రాపరుతో ఒక సీసాకు, ప్లాస్టిక్ మూతతో ఇంకో సీసాకు కొలిచి రెండూ ఒకటే అనుకున్నారు. మూత రంధ్రాన్ని బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క మారుతుంది. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి తెచ్చి సూది పీకేయండి. మీ సీసాలోంచి 20 చుక్కలు చిన్న స్టీలు గిన్నెలో వేసి సిరంజితో లాగండి. 0.7 దగ్గర ఆగిందంటే ఆ సీసాకు 1 మి.లీ.కి దాదాపు 29 చుక్కలన్నమాట. ఆ సంఖ్య లేబుల్ మీద రాసి పెట్టుకోండి. సిరంజిని వెంటనే కడగండి, లేకపోతే దాని రబ్బరు పాడవుతుంది. నాకు అలవాటైన దగ్గరిదారి: 20 చుక్కల సీసాకైతే, పోసే నూనె మి.లీ.ను 5తో భాగిస్తే 1 శాతానికి చుక్కలు వస్తాయి. 30కి 6, 50కి 10. 2 శాతానికి రెట్టింపు.

పోసే నూనె విషయంలో, గానుగ నువ్వుల నూనె నాకిష్టం. కొబ్బరి నూనె డిసెంబరు, జనవరి పొద్దుటిపూట గడ్డకడుతుంది. మన దగ్గర శనక్కాయ నూనె ఇంటింటా ఉంటుంది, కానీ అది పడనివాళ్లకు రాస్తే ప్రమాదం, ముందు అడగండి. గర్భిణులకు, మూర్ఛ ఉన్నవాళ్లకు డాక్టర్‌ను అడక్కుండా ఈ నూనెలేవీ వద్దు. నీలగిరి ఉన్న నూనె పసిపిల్లల ముఖం దగ్గరికి రానీయొద్దు.

రాసే ముందు ముంజేతి లోపలి వైపు కలిపిన నూనె రెండు చుక్కలు రాసి, మర్నాడూ ఆ మర్నాడూ చూడండి. ఎర్రబడినా దురద పుట్టినా ఆ సీసా ఆ మనిషికి పనికిరాదు.

ఇక అభ్యాసం. 50 మి.లీ. నువ్వుల నూనెలో నీలగిరి, నిమ్మగడ్డి, లవంగం కలిపి 1.5 శాతం నూనె చేయాలి. మూడు సీసాలూ 1 మి.లీ.కి 28 చుక్కలు ఇస్తాయి. మొత్తం ఎన్ని చుక్కలు పడతాయి, అందులో లవంగం ఎక్కువలో ఎక్కువ ఎన్ని వేయొచ్చు, నిమ్మగడ్డి ఎన్ని? కాగితం మీద లెక్క తేల్చాకే సీసా మూత తీయండి. లవంగానికి మీకు 7 దాటి ఏదైనా వస్తే పై లెక్క ఇంకోసారి చదవండి.