గ్రాఫ్ కాంప్లిమెంట్ ఎలా గీయాలి, అది సెల్ఫ్-కాంప్లిమెంటరీయో కాదో ఎలా తేల్చాలి?

గ్రాఫ్ అంటే ఇక్కడ కొన్ని చుక్కలు, వాటిలో కొన్ని జతల మధ్య గీతలు, అంతే. చుక్కని వెర్టెక్స్ అంటారు, గీతని ఎడ్జ్ అంటారు, నేను మాత్రం చుక్క, గీత అనే రాస్తాను, చదవడానికి హాయిగా ఉంటుంది. కాంప్లిమెంట్ అంటే చుక్కలు అవే ఉంచి, గీత ఉన్నచోట తీసేసి, లేనిచోట గీయడం. ఇలా తిరగేశాక కూడా ఒక్కోసారి అదే ఆకారం తిరిగొస్తుంది, అలాంటివే సెల్ఫ్-కాంప్లిమెంటరీ గ్రాఫ్‌లు. కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి, గీస్తూ వస్తేనే అర్థమవుతుంది.

ముందు కాంప్లిమెంట్ తప్పు లేకుండా తీయడం

బొమ్మ చూసి నేరుగా కాంప్లిమెంట్ గీసేద్దాం అనుకుంటే ఎక్కడో ఒక గీత మర్చిపోతాం, అడ్డంగా పోయే గీతలు ముఖ్యంగా. అందుకే ముందు చుక్కలకి 1, 2, 3 అని నంబర్లు వేసి, జతలన్నీ వరసగా రాసుకోండి. 4 చుక్కలైతే 12, 13, 14, 23, 24, 34, మొత్తం 6 జతలు. ఇప్పుడు మీ గ్రాఫ్‌లో గీత ఉన్న జతల్ని కొట్టేయండి, మిగిలినవే కాంప్లిమెంట్ గీతలు.

4 చుక్కల్ని ఒక దారిలా కలిపాం అనుకోండి, 1-2-3-4. దీంట్లో గీతలు 12, 23, 34. కొట్టేస్తే మిగిలేవి 13, 14, 24. వీటిని పాత చుక్కల మీదే గీస్తే బొమ్మ అడ్డదిడ్డంగా, ఒకదాన్నొకటి దాటుతున్నట్టు కనిపిస్తుంది, ఇదేదో వేరే ఆకారం అనిపిస్తుంది కూడా. కానీ గీతల్ని పట్టుకుని నడవండి: 3 నుంచి 1కి, 1 నుంచి 4కి, 4 నుంచి 2కి. అంటే 3-1-4-2, మళ్ళీ నాలుగు చుక్కల దారే! అసలు దారికీ దీనికీ తేడా పేర్లలోనే, ఆకారంలో కాదు. ఇలా పేర్లు మార్చితే ఒకటే అయిపోయే గ్రాఫ్‌లని ఐసోమార్ఫిక్ అంటారు. ఒక్క చుక్క మాత్రమే ఉన్న గ్రాఫ్‌ని పక్కన పెడితే (దాంట్లో గీతలే ఉండవు కాబట్టి ఎలాగూ సెల్ఫ్-కాంప్లిమెంటరీనే), ఈ దారే అన్నిటికన్నా చిన్న ఉదాహరణ.

చుక్కల లెక్కతోనే సగం పని అయిపోతుంది

బొమ్మ జోలికి పోకముందే చుక్కలు లెక్కపెట్టండి. n చుక్కలకి మొత్తం జతలు `n(n-1)/2`. గ్రాఫూ దాని కాంప్లిమెంటూ ఒకే ఆకారమైతే రెంటిలో గీతలు సమానంగా ఉండాలి, అంటే ఆ జతలు సరిగ్గా సగం సగం పంచుకోవాలి, ఒక్కో దానికి `n(n-1)/4`. ఇది పూర్ణసంఖ్య కావాలి కదా. n, n-1 పక్కపక్క సంఖ్యలు కాబట్టి ఒకటి సరి, ఒకటి బేసి, బేసిదాంట్లో 2 అనేదే ఉండదు కాబట్టి 4తో భాగింపు భారమంతా సరిసంఖ్య మీదే పడుతుంది. అందుకే n కానీ n-1 కానీ 4తో తెగాలి. అంటే చుక్కలు 1, 4, 5, 8, 9, 12, 13 ఇలా ఉండాలి.

2 చుక్కలకి 1 జత, 3కి 3, 6కి 15, 7కి 21, అన్నీ బేసే, సగం చెయ్యలేం. కాబట్టి 6 చుక్కల గ్రాఫ్ ఇచ్చి సెల్ఫ్-కాంప్లిమెంటరీనా అని అడిగితే బొమ్మ చూడక్కర్లేదు, కాదు అని చెప్పేయొచ్చు.

కానీ లెక్క కుదిరినంత మాత్రాన అవును అనుకోకండి. 4 చుక్కల మీద 3 గీతలున్న ఆకారాలు మూడున్నాయి. ఒకటి మన దారి. రెండోది ఒక చుక్క నుంచి మిగతా మూడింటికీ గీతలున్న నక్షత్రం, మూడోది ఒక త్రిభుజం పక్కన ఒంటరి చుక్క. నక్షత్రాన్ని తిరగేస్తే నడి చుక్క ఒంటరైపోతుంది, మిగతా మూడూ త్రిభుజం అవుతాయి. అంటే ఆ రెండూ ఒకదానికొకటి కాంప్లిమెంట్లు, ఏదీ తనకి తాను కాదు.

డిగ్రీ చెక్, అది మోసం చేసే చోటు

ఒక చుక్క దగ్గర ఎన్ని గీతలుంటే అది దాని డిగ్రీ. కాంప్లిమెంట్‌లో d కాస్తా `n-1-d` అవుతుంది. 5 చుక్కల్లో డిగ్రీ 3 ఉన్నది 1 అవుతుంది, 2 ఉన్నది 2 గానే ఉంటుంది. కాబట్టి సెల్ఫ్-కాంప్లిమెంటరీ అయితే 3లు ఎన్నో 1లు అన్నే ఉండాలి, 4లు ఎన్నో 0లు అన్నే. ఇది కుదరకపోతే అక్కడితో ఆపేయొచ్చు.

కుదిరితే మాత్రం? మొదట్లో నేను కుదిరితే చాలు, అయిపోయినట్టే అనుకునేవాణ్ణి, ఒకసారి ఈ కింది గ్రాఫ్ మీద బోల్తా పడ్డాకే తెలిసొచ్చింది. 1-2-3-4-1 అని ఒక చతురస్రం వేసి, 1కి 5ని తోకలా తగిలించండి. గీతలు 12, 23, 34, 14, 15, మొత్తం అయిదు, 10లో సగం, లెక్క సరే. డిగ్రీలు 3, 2, 2, 2, 1, అదీ సరే. ఇప్పుడు పది జతల్లోంచి ఇవి కొట్టేస్తే మిగిలేవి 13, 24, 25, 35, 45. దీని డిగ్రీలు కూడా 3, 2, 2, 2, 1 అనే వస్తాయి. కానీ 2, 4, 5 చూడండి, 24, 25, 45 మూడు గీతలూ ఉన్నాయి, త్రిభుజం! అసలు గ్రాఫ్‌లో త్రిభుజం ఎక్కడా లేదు. కాబట్టి ఎన్ని రకాలుగా పేర్లు మార్చినా ఇవి ఒకటి కావు. ఆ వచ్చింది త్రిభుజానికి 5-3-1 అనే పొడుగు తోక ఉన్న గ్రాఫ్.

5 చుక్కలు 5 గీతల ఆకారాలు మొత్తం ఆరే. ఈ తోక చతురస్రం, పొడుగు తోక త్రిభుజం ఒక జంట. ఒకే చుక్కకి రెండు పొట్టి తోకలున్న త్రిభుజం, మధ్యలో అడ్డగీత ఉన్న చతురస్రం పక్కన ఒంటరి చుక్క, ఇవి ఇంకో జంట (వీటిని డిగ్రీలే పట్టిచ్చేస్తాయి). మిగిలిన రెండే సెల్ఫ్-కాంప్లిమెంటరీ. ఒకటి పంచభుజి, రెండోది త్రిభుజంలో రెండు మూలలకి ఒక్కో తోక ఉన్నది, రెండు కొమ్ముల ఎద్దు తలలా ఉంటుందని దాన్ని బుల్ గ్రాఫ్ అంటారు.

అవును అని నిరూపించాలంటే పేర్ల పట్టిక రాయండి

"చూస్తే అలాగే ఉంది" అనేది సరిపోదు. ఏ చుక్క ఏ చుక్కగా మారుతుందో రాసి, ప్రతి గీతనీ దాని ప్రకారం మార్చి, వచ్చిన జత కాంప్లిమెంట్‌లో ఉందో లేదో చూడాలి. పంచభుజి తీసుకుందాం, గీతలు 12, 23, 34, 45, 15. కాంప్లిమెంట్‌లో మిగిలేవి 13, 35, 25, 24, 14, అంటే లోపలి నక్షత్రం, 1-3-5-2-4-1 అని తిరిగితే అదీ పంచభుజే. కాబట్టి పట్టిక ఇలా: 1 అలాగే 1, 2 బదులు 3, 3 బదులు 5, 4 బదులు 2, 5 బదులు 4. ఇప్పుడు 12 అనేది 13 అయింది, ఉంది. 23 అనేది 35 అయింది, ఉంది. 34 అనేది 52, 45 అనేది 24, 15 అనేది 14, అన్నీ ఉన్నాయి, అయిపోయింది.

ఆ పట్టికని ఇంకోసారి చూడండి. 2 పోయి 3, 3 పోయి 5, 5 పోయి 4, 4 పోయి మళ్ళీ 2, సరిగ్గా నాలుగింటి చక్రం, 1 ఒక్కటే కదలకుండా ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. 1962లో హోర్స్ట్ జాక్స్, 1963లో గెర్హార్డ్ రింగెల్ విడివిడిగా చూపించింది ఇదే, ఇలాంటి పట్టికలో ప్రతి చక్రం పొడవూ 4 గుణిజమే అవుతుంది, మహా అయితే ఒక్క చుక్క కదలకుండా ఉండొచ్చు. ఒక్కటే ఎందుకంటే, రెండు చుక్కలు కదలకుండా ఉంటే వాటి మధ్య జత కూడా కదలదు, కానీ గీత ఉంటే పోవాలి, లేకపోతే రావాలి కదా, కుదరదు. రెండు చుక్కలు ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్ళినా ఇదే చిక్కు. మీ పట్టికలో రెండింటి చక్రమో మూడింటి చక్రమో కనిపిస్తే ఎక్కడో తప్పు రాశారని అర్థం.

పెద్దవి కట్టడం

4తో కుదిరే ప్రతి సంఖ్యకీ ఇలాంటి గ్రాఫ్ నిజంగా ఉంటుందా అంటే, ఉంటుంది, కట్టే పద్ధతి కూడా తేలికే. చేతిలో ఒక సెల్ఫ్-కాంప్లిమెంటరీ గ్రాఫ్ ఉంచుకోండి. పక్కన కొత్తగా 1-2-3-4 దారి గీయండి. పాత చుక్క ప్రతిదాన్నీ దారి మధ్యలో ఉన్న 2కీ 3కీ కలపండి, అంతే.

ఎందుకు పనిచేస్తుందంటే, తిరగేసినప్పుడు దారి 3-1-4-2 అవుతుంది, మధ్యలో ఉన్నవి చివరికి, చివర ఉన్నవి మధ్యకి వస్తాయి. పాత చుక్కలకి 2, 3తో గీతలు పోయి 1, 4తో వస్తాయి, ఇప్పుడు మధ్యలో ఉన్నవి అవే! పాత గ్రాఫ్ ఎలాగూ తనకి తానే కాంప్లిమెంట్.

ఒక్క చుక్కతో (5 అనుకోండి) మొదలుపెడితే గీతలు 12, 23, 34, 25, 35 వస్తాయి, అదే బుల్. మధ్యవి వదిలేసి రెండు చివరలకి, 1కీ 4కీ, కలిపితే పంచభుజి వస్తుంది, అదీ సరే. కానీ ఒక చివర, ఒక మధ్య కలిపారంటే దెబ్బతింటుంది: 1కీ 2కీ కలిపితే పొడుగు తోక త్రిభుజం, 1కీ 3కీ కలిపితే తోక చతురస్రం, ఇందాక డిగ్రీలతో మోసం చేసిన జంటే మళ్ళీ.

పాత గ్రాఫ్‌గా 5-6-7-8 దారి తీసుకుంటే 8 చుక్కలవి వస్తాయి. గీతలు 3, 3, కలిపినవి 8, మొత్తం 14, 28లో సగం. 8 చుక్కల మీద ఇలాంటివి మొత్తం 10 ఆకారాలు ఉన్నాయి, 9 చుక్కల మీద 36, కాబట్టి ఈ పద్ధతితో అన్నీ వస్తాయనుకోకండి, కనీసం ఒకటి ఉందని మాత్రం ఖాయం. చేత్తో కట్టింది సరిచూసుకోవాలంటే పైథాన్‌లో ఇలా:

```python
import networkx as nx
G = nx.Graph([(1,2),(2,3),(3,4),(5,6),(6,7),(7,8)])
for v in (5,6,7,8):
    G.add_edge(v,2)
    G.add_edge(v,3)
print(nx.is_isomorphic(G, nx.complement(G)))
```

`True` వస్తుంది. లూప్‌లో ఆ 3ని 1 చేసి మళ్ళీ నడపండి, గీతలు 14 అలాగే ఉంటాయి కానీ `False` వస్తుంది.