ఉమ్మడి బోరు, 4వ పాఠం: మోటారు పైకి రాకముందే మొత్తం ఖర్చు చెప్పకండి

పోయిన పాఠం చదివి, ఉమ్మడి బోరు మరమ్మతు ఖర్చు పంచుకుందామని పక్క ప్లాట్ల వాళ్లకు మెసేజ్ పెట్టినవాళ్లలో చాలామందికి ఒకే చోట దెబ్బ తగిలింది. "మోటారు కాలిపోయింది, 15,000 అవుతుందట, తలా ఇంత వేసుకుందాం" అని రాశారు. అందరూ సరేనన్నారు. తీరా మోటారు లేపాక పైపులు కూడా తుప్పు పట్టి చిల్లులు పడ్డాయని తేలింది. ఖర్చు 22,000కు చేరింది. రెండోసారి అడిగేసరికి "మొదట పదిహేనే అన్నారు కదండీ" అని ఒకరు, "నేను నీళ్లే వాడను" అని ఇంకొకరు వెనక్కి తగ్గారు. ఈసారి వసూళ్లు, రసీదుల గురించి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ ముడి విప్పుకుందాం.

బోరు ఎవరి ప్లాటులో ఉంది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది అన్నవి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

సబ్‌మెర్సిబుల్ మోటారు వందల అడుగుల లోతులో ఉంటుంది. పైన నిలబడి దానికి ఏమైందో ఊహించగలం, అంతే. ఆ ఊహకైనా ఆధారం ఉండాలి. స్టార్టర్ ప్యానెల్ మీద మోటారు ఎంత కరెంటు లాగుతోందో ఆంప్స్‌లో చూపించే మీటరు ఉంటుంది, లేకపోతే మెకానిక్ క్లాంప్ మీటరు పెట్టి చూస్తాడు. ఆన్ చేయగానే ఆంప్స్ బాగా పెరిగి స్టార్టర్ ట్రిప్ అయితే మోటారు లోపలి రాగి తీగ చుట్ట, అంటే వైండింగ్ పోయి ఉండొచ్చు, లేదా ఇసుక చేరి పంపు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఆంప్స్ మామూలు కన్నా బాగా తక్కువ ఉండి నీళ్లు రాకపోతే బోరులో నీళ్లు కిందికి దిగి ఉండొచ్చు, లేదా మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగ్ తెగి ఉండొచ్చు. మోటారు తిరుగుతున్నా ట్యాంకు నిండటానికి రెట్టింపు సమయం పడుతుంటే పైపు మీద అనుమానం పెట్టుకోండి. బోరు పైన కనిపించే కేసింగ్ గొట్టం మూత దగ్గర చెవి పెట్టి వినండి. లోపల ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు వస్తే చాలాసార్లు అది చిల్లు పడ్డ పైపే.

ఇవన్నీ చూశాక కూడా మొత్తం ఖర్చు చెప్పలేం. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మీరు చెప్పిన మొదటి అంకె పొరుగువాళ్ల మనసులో ఒప్పందంలా నాటుకుపోతుంది. "సుమారుగా" అని రాసినా, "అటూ ఇటూ" అని రాసినా అంతే. మెకానిక్ ఫోనులో చెప్పిన అంకెను గ్రూపులో పెట్టిన క్షణం నుంచి అది మీ అంకె అవుతుంది. తర్వాత పెరిగిన ప్రతి రూపాయికీ మీరే జవాబు చెప్పుకోవాలి. అందుకే పనిని రెండుగా విడగొట్టి రెండుసార్లు అడగండి. మొదటిసారి లేపే ఖర్చు మాత్రమే. అది మెకానిక్ ముందే కచ్చితంగా చెప్పగలిగిన అంకె.

మొదటి మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్తే అండి. నిన్న సాయంత్రం నుంచి మన బోరు నీళ్లు ఎక్కించడం లేదు. మెకానిక్ వచ్చి ప్యానెల్ దగ్గర చూశాడు. ఆన్ చేయగానే ఆంప్స్ పెరిగి ట్రిప్ అవుతోంది. వైండింగ్ పోయిందో, పంపు బిగుసుకుపోయిందో పైకి తీస్తేగానీ తెలియదు. లేపి మళ్లీ దించడానికి కలిపి 5,000 అడిగాడు. నలుగురం 1,250 చొప్పున వేసుకుందాం. గురువారం ఉదయం 8 గంటలకు లేపుతాడు, వీలున్నవాళ్లు వచ్చి చూడండి. ఏం పోయిందో ఫోటోలు పెట్టి, రిపేరు ఖర్చు అప్పుడు రాస్తాను. అందరూ సరే అన్నాకే పని మొదలుపెడదాం."

"వీలున్నవాళ్లు వచ్చి చూడండి" అన్న మాట తీసేయకండి. చిల్లు పడ్డ పైపును కళ్లతో చూసిన మనిషి పైపు ధర గురించి వాదించడు. ఎవరూ రాకపోతే పైకి వచ్చిన ప్రతి పైపునూ వరుసగా నేల మీద పరిచి ఫోటో తీయండి. మోటారు వైండింగ్ విప్పినప్పుడు నల్లబడ్డ తీగ ఫోటో కూడా తీయండి. ఆ పాత రాగికి తుక్కు ధర ఉంటుంది. దాన్ని షాపువాడే ఉంచుకుంటే కూలీలో తగ్గించాడా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయండి.

ఇక రెండో మెసేజ్. ఇందులో వాటాలు వస్తాయి. ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు మీ ఊరిలో వేరుగా ఉంటాయి, పద్ధతి చూడండి.

నాలుగు ప్లాట్లు. మొదటి దాంట్లో రెండంతస్తుల ఇల్లు, ఓనరుతో కలిపి మూడు కుటుంబాలు. రెండు, మూడు ప్లాట్లలో ఒక్కో కుటుంబం. నాలుగోది ఖాళీ ప్లాటు, కనెక్షన్ మాత్రం ఉంది. లేపి దించడానికి 5,000, మూడు పైపులకు 4,500, కేబుల్‌కూ జాయింటుకూ 1,500, వైండింగ్‌కు 8,500, బుష్షులకూ బేరింగ్‌కూ 2,500. మొత్తం 22,000. నాలుగుతో భాగిస్తే తలా 5,500. ఖాళీ ప్లాటాయన ఇక్కడే ఎదురు తిరుగుతాడు, అందులో న్యాయం ఉంది కూడా.

నేనైతే ఖర్చును రెండు కుప్పలు చేస్తాను. లేపడం, పైపులు, కేబుల్ అన్నవి ఎవరు ఎంత వాడినా కనెక్షన్ నిలబడాలంటే కావాల్సినవే. ఆ 11,000 నలుగురికీ సమానం, తలా 2,750. వైండింగ్, బుష్షులు, బేరింగ్ మోటారు ఎన్ని గంటలు తిరిగితే అంతగా అరుగుతాయి. ఆ 11,000 కుటుంబాల లెక్కన, ఐదు కుటుంబాలకు 2,200 చొప్పున. అప్పుడు మొదటి ప్లాటుకు 9,350, రెండు, మూడు ప్లాట్లకు 4,950 చొప్పున, ఖాళీ ప్లాటుకు 2,750. కూడితే 22,000 సరిపోతుంది. మొదటి మెసేజ్‌కు ఇచ్చిన 1,250 ఇందులో తీసేసి మిగతాది అడగండి. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ఆ ప్లాటును రెండు కుటుంబాల కింద లెక్కేస్తాను, క్యూరింగ్‌కు నీళ్లు అంతలా పోతాయి. అద్దెకున్నవాళ్లను డబ్బు అడగకండి, ఓనరునే అడగండి.

ఈ లెక్కలో ఎక్కువ కట్టాల్సింది మొదటి ప్లాటు ఓనరు. ఆయనకు గ్రూపులో రాయకముందే ఫోన్ చేయండి. "అన్నా, పైపులూ లేపుడూ అందరికీ సమానంగానే వేశాను. మోటారు అరుగుదల మాత్రం కుటుంబాల లెక్కన వేశాను. మీరేమంటారు?" అంటే చాలు. బోరు ఆయన స్థలంలోనే ఉంటే, కరెంటు బిల్లు కూడా ఆయనే కడుతుంటే, వాటాలో ఎంత తగ్గించాలో ఆయన్నే చెప్పమనండి.

మోటారు బయట ఉండగానే మెకానిక్ "ఫ్లషింగ్ చేయించి బోరులో చేరిన ఇసుక, మట్టి తీయిద్దాం, పెద్ద మోటారు వేద్దాం" అంటాడు. అవసరం కావచ్చు, కానీ అది మరమ్మతు కాదు. వేరే మెసేజ్, వేరే లెక్క. ఈ వాటాల్లో కలిపితే మొదటికే మోసం వస్తుంది. మాట కొత్త బోరు దాకా వెళ్తే నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి సంగతి ముందు తేల్చుకోవాలి.

సాధన: మీ బోరు ఇప్పుడు బాగానే నడుస్తుంటే ఈ వారమే చేయండి. మోటారు నడుస్తున్నప్పుడు ఆంప్స్ ఎంత చూపిస్తోందో, ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసి ప్యానెల్ తలుపు లోపల అతికించండి. పోయినసారి మోటారు దించిన మెకానిక్‌ను ఎన్ని పైపులు దించాడో, ఒక్కో పైపు ఎన్ని అడుగులో అడిగి అదే కాగితం మీద రాయండి. తర్వాత మీ ప్లాట్ల లెక్కతో రెండు మెసేజ్‌లూ రాసి, అందరికన్నా ఎక్కువ వాటా పడేవాళ్లకు ముందు చదివి వినిపించండి. వాళ్లు అడిగిన ప్రశ్నలను వచ్చే పాఠానికి దగ్గర పెట్టుకోండి, వసూళ్ల లెక్క వాటితోనే మొదలవుతుంది.