వెబినార్ ఆహ్వానంలో వేళ పక్కన ఊరి పేరు రాయండి

చార్టర్డ్ అకౌంటెంట్లకు వెబినార్ ఆహ్వానం రాస్తున్నారనుకుందాం. అంశం: అమెరికాలో ఉన్నవారు హైదరాబాద్‌లో ఇల్లు అమ్మితే టీడీఎస్ ఎంత. ఇలాంటి ఆహ్వానాల్లో ఎక్కువగా దెబ్బతినేది వేళ దగ్గరే.

'IST', 'EST' అని పొడి అక్షరాలు వేయకండి. IST అంటే ఐర్లండ్‌లో వేరే వేళ. అక్టోబరులో న్యూయార్క్ నడిచేది EST మీద కాదు, వేసవి వేళ అయిన EDT మీద. ఊరి పేరు, వారం, తేదీ కలిపి ఇలా రాయండి:

శనివారం, 2026 అక్టోబరు 31
హైదరాబాద్ రాత్రి 7:30
లండన్ మధ్యాహ్నం 2:00
న్యూయార్క్ ఉదయం 10:00
డాలస్ ఉదయం 9:00

అదే వెబినార్‌ను వారం వాయిదా వేస్తే పాత పట్టిక పనికిరాదు. నవంబరు 1న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి 7న న్యూయార్క్‌లో ఉదయం 9:00 అవుతుంది. లండన్ మాత్రం మారదు, అక్కడ అక్టోబరు 25నే జరిగిపోయాయి. హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 7:00కు పెడితే అమెరికా వారికది ఇంకా శనివారం రాత్రే. వారికి ఆ తేదీని విడిగా రాయాల్సిందే.

వక్త గురించి ఒక్క వాక్యం చాలు, అయితే అది ఈ అంశంలో ఆయన చేసిన పని గురించి ఉండాలి. బిరుదులన్నీ అక్కర్లేదు. ప్రయోజనం దగ్గర 'అవగాహన కలుగుతుంది' అంటే ఎవరూ కదలరు. 'తక్కువ టీడీఎస్ ధ్రువపత్రానికి దరఖాస్తు నింపడం నేర్చుకుంటారు' అనండి.

నమోదు లింకును వేళల కిందనే పెట్టండి. పంపే ముందు దాన్ని మీ ఖాతాలోంచి బయటికొచ్చి, ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. నిర్వాహకులకు తెరుచుకునే లింకు బయటివారిని అనుమతి అడగడం నేను చాలాసార్లు చూశాను.