కెమిస్ట్రీ సార్‌కి ఉత్తరం రాస్తున్నారా?

“మోల్ కాన్సెప్ట్ రావట్లేదు సార్” అంటే ఆయన మొదటి నుంచి మొదలుపెడతారు. తప్పిన లెక్కనే ఉత్తరంలో పెట్టండి. ఇలా:

“సార్, 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్‌తో ఎంత నీరు వస్తుందన్న లెక్కలో, బరువు తక్కువ కాబట్టి హైడ్రోజనే ముందు అయిపోతుందనుకుని 36 గ్రాములు అని రాశాను. జవాబు 18 అట. మోల్స్‌లోకి మార్చడం వచ్చు, ఆ తర్వాత సమీకరణంతో పోల్చడం రావట్లేదు. రెడాక్స్ తుల్యం చేయడంలో ఆమ్ల మాధ్యమం వచ్చు, క్షార మాధ్యమంలో OH⁻ ఎక్కడ కలపాలో తెలియట్లేదు. గురువారం క్లాసయ్యాక 15 నిమిషాలు కుదురుతుందా?”

మోల్స్ బదులు గ్రాములు పోల్చారని సార్‌కి చూడగానే తెలిసిపోతుంది. తప్పు జవాబు చూపించడానికి సిగ్గనిపిస్తుంది, నిజమే. కానీ దాన్ని మాత్రం దాచొద్దు.